పాము కాటు: లెక్కకు అందని మరణాలు, వేళకు అందని మందు

ఇచ్ఛాపూర్ అనే పేరు వినగానే తెలుగువారిలో చాలామందికి శ్రీకాకుళం జిల్లా చివరి ఊరు ఇచ్ఛాపురం గుర్తుకు వస్తుంది. ఇక్కడ మనం చెప్పుకుంటున్నది గుజరాత్‌లోని ఇచ్ఛాపూర్. సూరత్ నగరం నుండి హజీరా పారిశ్రామిక ప్రాంతానికి వెళ్ళే దారిలో, తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఈ ఊరు ఉన్నది. బతుకుతెరువు కోసం సూరత్‌కు తరలి వచ్చినవారిలో తెలంగాణ నేతకార్మికులు ఉన్నారు. శ్రీకాకుళం ఇచ్ఛాపురానికి సరిహద్దున ఉన్న ఒడిశా గంజాం జిల్లా నుండి వచ్చినవారు అంతకంటే ఎక్కువగా ఉన్నారు.

వీరికి రెండు ఊళ్ళు. ఒకటి పని చేసే ఊరు, మరొకటి సెలవులకూ, పండుగలకూ, వానాకాలపు సాగుకూ వెళ్ళే సొంత ఊరు. ఈ రెండింటినీ కలిపే ఒక ప్రమాదం పాము కాటు. దేశంలో పాము కాటు మరణాల్లో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలలోనే జరుగుతున్నట్లు 2020లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం తేల్చింది. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్, ఒడిశా, గుజరాత్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

ఇన్ని మరణాలు సంభవిస్తున్నా ఈ సమస్య ఎందుకు మరుగున పడి ఉన్నది? దీనికి సమాధానం చనిపోయినవారిని లెక్కించే పద్ధతిలో ఉన్నది. ఆ లెక్కకూ, ఆసుపత్రి అలమరలో ఉండే మందు సీసాల సంఖ్యకూ నేరుగా సంబంధం ఉన్నది.

రెండు లెక్కలు

పాము కాటు మరణాలను లెక్కించడానికి మన దేశంలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఆసుపత్రి రిజిస్టరు. పాము కరిచిందని చేరినవారు ఎందరు, వారిలో చనిపోయినవారు ఎందరు అని ప్రభుత్వ ఆసుపత్రులు రాసి పంపిన అంకెలను కూడితే ఒక మొత్తం వస్తుంది. 2003 నుండి 2015 వరకు పదమూడేళ్ళలో ఈ విధంగా నమోదైన మరణాలు సుమారు 15,500.

రెండవది ఇంటి గడప దగ్గర జరిగే లెక్క. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం దేశమంతటా కొన్ని వేల చిన్న ప్రాంతాలను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, వాటిలో జరిగే ప్రతి జననాన్నీ, ప్రతి మరణాన్నీ నమోదు చేస్తుంది. మరణం జరిగిన ఇంటికి శిక్షణ పొందిన సర్వేయరు వెళ్ళి, కుటుంబ సభ్యులను అడిగి, చివరి గంటల్లో ఏమి జరిగిందో వారి భాషలోనే రాసుకుంటారు. ఆ కథనాన్ని ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చదివి, మరణానికి కారణం ఏమిటో నిర్ణయిస్తారు. ఇద్దరి నిర్ణయం కలవకపోతే మళ్ళీ పరిశీలిస్తారు. మరణించినవారు ఆసుపత్రికి వెళ్ళారా లేదా అన్నదానితో ఈ లెక్కకు పని లేదు.

ఈ పద్ధతిలో 2001 నుండి 2003 వరకు 6,671 ప్రాంతాలలో జరిగిన సుమారు 1,23,000 మరణాలను పరిశీలించగా, వాటిలో 562 పాము కాటు వల్ల జరిగినవని తేలింది. అంటే ప్రతి వెయ్యి మరణాలలో దాదాపు ఐదు. ఈ నిష్పత్తిని దేశంలోని మొత్తం మరణాలకు వర్తింపజేస్తే, 2005వ సంవత్సరానికి సుమారు 45,900 మరణాలు అని 2011లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. రాష్ట్రాల వారీగా చూస్తే ఉత్తరప్రదేశ్ తరువాత అత్యధిక మరణాలు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి. ఏడాదికి సుమారు 5,200. అదే పద్ధతిని మరింత పెద్ద నమూనాతో కొనసాగించిన 2020 నాటి అధ్యయనం, 2000 నుండి 2019 వరకు దేశంలో పాము కాటుకు బలైనవారు సుమారు 12 లక్షలని, సగటున ఏడాదికి 58,000 అని తెలిపింది.

ఇంటి దగ్గర చెప్పిన మాటలతో మరణ కారణాన్ని నిర్ణయించే ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. జ్వరాల విషయంలో అది పొరబడవచ్చు. ఏ జ్వరమో కుటుంబ సభ్యులు చెప్పలేరు. పాము కాటు అటువంటిది కాదు. పాము కనబడింది, కరిచింది, కొన్ని గంటల్లో మనిషి పోయాడు అన్న క్రమాన్ని ఎవరూ మరచిపోరు. అయితే నిద్రలో కరిచిన పాము ఎవరి కంటా పడకపోతే, ఆ మరణం ఈ లెక్కకు కూడా అందకుండా పోవచ్చు.

తేడా ఎక్కడ పుట్టింది

ఆసుపత్రి లెక్కకూ, ఇంటి లెక్కకూ మధ్య ఇంత అగాధం ఎందుకు ఏర్పడింది? 2011 అధ్యయనంలోనే ఇందుకు జవాబు కనిపిస్తుంది. పాము కాటుతో చనిపోయినవారిలో 97 శాతం గ్రామీణులు. ఆసుపత్రిలో చనిపోయినవారు 23 శాతం మాత్రమే. మిగిలినవారు పొలంలోనో, ఇంట్లోనో, మంత్రం వేసేవారి వాకిట్లోనో, దారి మధ్యలోనో ప్రాణాలు విడిచారు. వారి పేర్లు ఏ ఆసుపత్రి రిజిస్టరులోనూ ఉండవు.

అయితే ఆసుపత్రిలో జరిగిన మరణాలు సైతం పూర్తిగా నమోదు కాలేదు. పైన చెప్పిన పదమూడేళ్ళలో ఆసుపత్రులలో సుమారు 1,54,000 మంది పాము కాటుతో చనిపోయి ఉంటారని 2020 అధ్యయనం అంచనా. నమోదైనవి అందులో పదో వంతు మాత్రమే.

ఈ వ్యత్యాసం కాగితాల మీదే ఆగిపోదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి విషవిరుగుడు మందు ఎంత పంపాలన్నది సాధారణంగా గత ఏడాది అక్కడ వాడిన మందును బట్టి నిర్ణయమవుతుంది. గత ఏడాది అక్కడికి ఎవరూ రాకపోతే, లేదా వచ్చినవారిని మందు ఇవ్వకుండానే పట్టణానికి పంపివేస్తే, వాడకం సున్నా అని తేలుతుంది. వాడకం లేదు కనుక నిల్వ తగ్గుతుంది. నిల్వ లేదు కనుక జనం అక్కడికి రావడం మానేస్తారు. మరుసటి ఏడాది వాడకం మళ్ళీ సున్నాగానే ఉంటుంది. మరణాలు ఎక్కువగా ఉన్నచోటనే అవసరం లేదని కాగితం చెప్పే పరిస్థితి ఈ విధంగా ఏర్పడుతుంది.

ఈ వలయాన్ని తెంచేందుకే కేంద్ర ఆరోగ్య శాఖ 2024 నవంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. పాము కాటును తప్పనిసరిగా తెలియజేయవలసిన కేసుల జాబితాలో చేర్చాలని, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ అనుమానిత కేసులను, మరణాలను నివేదించాలని అందులో కోరింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించే లక్ష్యంతో అదే ఏడాది మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో 2017లో చేర్చింది.

పది సీసాలు ఎందుకు

మన దేశంలో దొరికే యాంటీవీనమ్ ఒకే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషానికీ అది పనిచేస్తుంది. ఆ విషాన్ని అతి తక్కువ మోతాదుల్లో గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను శుద్ధి చేసి ఈ మందును రూపొందిస్తారు. అవసరమైన విషంలో అత్యధిక భాగం దశాబ్దాలుగా తమిళనాడులోని ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుండే వస్తున్నది.

ఒక మనిషికి ఎన్ని సీసాలు కావాలి? లెక్క కష్టమేమీ కాదు. రక్తపింజర ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషాన్ని దించుతుంది. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. సీసాలో ఉండేది పది మిల్లీలీటర్లు. అంటే ఒక సీసా ఆరు మిల్లీగ్రాముల విషానికి సరిపోతుంది. అరవై మూడును ఆరుతో భాగిస్తే పదిన్నర వస్తుంది. విష లక్షణాలు కనిపించిన రోగికి మొదటి విడతగా ఎనిమిది నుండి పది సీసాలు ఇవ్వాలని చికిత్సా మార్గదర్శకాలు చెప్పడానికి ఆధారం ఇదే. పిల్లలకూ మోతాదు ఇంతే. ఎందుకంటే పాము మనిషి బరువు చూసి విషం దించదు.

దీనిని బట్టి రెండు సీసాలో, నాలుగు సీసాలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో మందు ఉన్నట్లు కాదని అర్థమవుతుంది. ఒక్క రోగికి మొదటి విడతకే పది కావాలి. వానాకాలంలో ఒకే రాత్రి ఇద్దరు వస్తే ఇరవై కావాలి.

మందు నిల్వలోనూ ఒక చిక్కు ఉన్నది. ద్రవరూపంలోని మందును రెండు నుండి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు సరిగా లేని చోట అది పాడవుతుంది. పొడి రూపంలోని మందుకు ఫ్రిజ్ తప్పనిసరి కాదు. వాడే ముందు ఇంజెక్షన్లకు వాడే శుద్ధజలంలో కలపాలి. త్వరగా కరగాలని సీసాను గట్టిగా కుదిపితే నురుగు వచ్చి మందు శక్తి తగ్గుతుంది. మెల్లగా తిప్పుతూ కరిగించాలి.

మందు ఉండి కూడా ఇవ్వని సందర్భాలు ఉంటాయి. ఇది గుర్రపు రక్తం నుండి వచ్చిన మందు కనుక కొందరిలో తీవ్రమైన అలర్జీ కలగవచ్చు. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి బిగుసుకుంటుంది, రక్తపోటు పడిపోతుంది. ఒంటరిగా విధుల్లో ఉన్న యువ వైద్యులు దీనికి భయపడి రోగిని పట్టణానికి పంపుతారు. కానీ ఈ అలర్జీకి విరుగుడు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉండే అడ్రినలిన్. దానిని సిరంజిలోకి ముందే తీసి పక్కన పెట్టుకొని మందు మొదలుపెట్టాలి. పంపించవలసి వచ్చినా, మొదటి విడత ఎక్కించి పంపిన రోగికీ, ఉత్త చేతులతో పంపిన రోగికీ మధ్య రెండు మూడు గంటల తేడా ఉంటుంది. ప్రాణం నిలిచేదీ పోయేదీ ఆ వ్యవధిలోనే.

ఒక రాత్రి కాటు, ఒక పగటి కాటు

పాము కాటు అనగానే వాపు, నొప్పి, నురగలు గుర్తుకు వస్తాయి. అన్ని పాములూ అలా కరవవు. ఇచ్ఛాపూర్ వంటి ఊళ్ళలో సాధ్యమయ్యే రెండు సందర్భాలను ఉదాహరణగా తీసుకుందాం.

మొదటిది రాత్రి. పొలాల పక్కన వేసిన ఒక రేకుల గదిలో నలుగురు కార్మికులు నేల మీద చాప పరచుకొని నిద్రిస్తున్నారు. ఎలుకను వెతుక్కుంటూ వచ్చిన కట్లపాము, నిద్రలో కదిలిన ఒకరి చేతిని కరిచింది. చీమ కుట్టినట్లు అనిపించి అతడు మళ్ళీ నిద్రపోయాడు. వాపు లేదు, కోరల గుర్తు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతి. రాత్రి తిన్నది పడలేదేమో అని తోటివారు మజ్జిగ ఇస్తారు. కాసేపటికి మాట ముద్దగా వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది. అప్పటికి ఊపిరి కండరాలు కూడా బలహీనపడుతూ ఉంటాయి.

వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుస్తుంటే, పాము కనిపించకపోయినా కట్లపాము కాటుగానే అనుమానించాలి. తల కదపకుండా కొద్దిసేపు పైకి చూడమంటే చూడగలడా? ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడు? పది నిమిషాల తరువాత ఆ సంఖ్య తగ్గుతున్నదా? ఈ రెండు ప్రశ్నలూ వైద్యుడు రాకముందే ఎవరైనా అడగవచ్చు.

కట్లపాము విషం నరాల చివరలను దెబ్బతీస్తుంది. అప్పటికే జరిగిన నష్టాన్ని యాంటీవీనమ్ వెనక్కు తీసుకురాలేదు. ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే అది పట్టుకోగలదు. అందుచేత ఈ కాటులో మందుతో పాటు శ్వాస అందించడం కూడా అత్యవసరం. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి చేరేదాకా చేతితో నొక్కే గాలి సంచితో శ్వాస ఇస్తూ తీసుకువెళ్ళవచ్చు. నరాల చివరలు కోలుకోవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అంతవరకు ఊపిరిని నిలబెడితే మనిషి బతుకుతాడు.

రెండవది పగలు. చెరకు తోటలో ఆకు దూస్తున్న కూలీ పాదాన్ని రక్తపింజర కరిచింది. నొప్పి వెంటనే మొదలవుతుంది, కాలు వాస్తుంది. గంటలు గడిచేకొద్దీ చిగుళ్ళ నుండి రక్తం రావచ్చు, మూత్రం ఎర్రబడవచ్చు. ఈ విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీనిని కనిపెట్టే పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కరలేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, తరువాత వంచి చూస్తారు. రక్తం జారిపోతే గడ్డకట్టనట్లే. వెంటనే మందు మొదలుపెట్టాలి. గొట్టం ప్లాస్టిక్‌ది అయినా, సబ్బుతో కడిగినది అయినా ఫలితం తప్పుతుంది. మందు ఇచ్చిన ఆరు గంటలకు ఇదే పరీక్ష మళ్ళీ చేసి, రక్తం ఇంకా గడ్డకట్టకపోతే మరో విడత ఇస్తారు.

ఈ రెండు సందర్భాలలోనూ ఒక విషయం గమనించాలి. కరిచిన పాము పేరు వైద్యుడికి తప్పనిసరి కాదు. మనం కట్లపాము అన్నదానిని గుజరాతీలో కాళోతరో అంటారు, రక్తపింజరను ఖడచీతళో అంటారు. భాష రానందువల్ల పేరు చెప్పలేకపోయామని సూరత్‌లోని తెలుగు కార్మికుడు దిగులుపడనవసరం లేదు. మందు నాలుగు పాములకూ ఒక్కటే. చికిత్స లక్షణాలను బట్టి సాగుతుంది. పామును చంపి సంచిలో వేసుకొని రావడం వల్ల కాలం వృథా కావడమే కాక, మరొకరు కాటుకు గురయ్యే ప్రమాదం ఉన్నది.

అయితే ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. దక్షిణాదిన సేకరించిన విషంతో చేసిన మందు పశ్చిమాన అంతే బలంగా పనిచేయకపోవచ్చు. స్థానిక పాముల విషాన్ని సేకరించేందుకు సూరత్‌కు దక్షిణాన, వల్సాడ్ జిల్లా ధరంపూర్‌లో గుజరాత్ ప్రభుత్వం సర్ప పరిశోధన సంస్థను నెలకొల్పింది.

దివిసీమ చూపిన పాఠం

సొంత ఊరి వైపు చూస్తే, 2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో జరిగినది నేటికీ గుర్తుంచుకోదగినది. వరినాట్ల కాలంలో, వానలకు పొలాలు నీట మునిగిన రోజుల్లో, అవనిగడ్డ పరిసర గ్రామాల నుండి పాము కాటు బాధితులు పెద్ద సంఖ్యలో ఆసుపత్రికి చేరారు. ఒక్క నెలలోనే వంద మందికి పైగా కాటుకు గురైనట్లు నాటి వార్తలు తెలిపాయి. ఆ నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిగింది.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే నేలలో ఆ యాగం జనానికి ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. భక్తికీ వైద్యానికీ పోటీ లేదు. కరిచిన తరువాత గుడికో, మంత్రానికో ముందు వెళ్ళి, ఆసుపత్రికి తరువాత వెళ్ళడంలోనే నష్టం ఉన్నది. విషం దించని కాట్లు కూడా చాలా ఉంటాయి కనుక, మంత్రంతో నయమైనట్లు కనిపించినవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆ నమ్మకంతోనే విషం ఎక్కినవారు విలువైన గంటలు పోగొట్టుకుంటారు.

దివిసీమ ఘటనలో గమనించవలసినది మరొకటి ఉన్నది. బాధితులు ఆసుపత్రికి వచ్చారు కనుకనే అది వార్త అయింది, లెక్కలోకి ఎక్కింది. దేశంలో పాము కాటు మరణాల్లో దాదాపు సగం జూన్ నుండి సెప్టెంబరు లోపే జరుగుతాయి. అంటే ఈ పెరుగుదల ఏటా వచ్చేదే. నాట్లు మొదలయ్యే ముందే, మే నెలాఖరుకు మందు పల్లె కేంద్రాలకు చేరాలి. కాట్లు మొదలయ్యాక పంపే మందు ఆలస్యంగా చేరిన మందే.

ఇంట్లో, పొలంలో చేయవలసినవి

నివారణకు ఖర్చు తక్కువ. రాత్రి కాటుకు అడ్డుకట్ట దోమతెర. మంచం మీద పడుకొని, తెర అంచులను పరుపు కిందికి చుట్టూ దోపుకోవాలి. మంచం లేకపోయినా, నేల మీది చాప కిందికి తెరను దోపినా రక్షణ ఉంటుంది. అంచులు వేలాడుతూ వదిలితే ప్రయోజనం లేదు. పడుకునే గదిలో ధాన్యపు బస్తాలు ఉంటే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనుక కట్లపాము వస్తుంది. పగటి కాట్లలో అధిక భాగం పాదానికీ, చేతికీ తగులుతాయి. పొలంలో మడమలు దాటిన బూట్లు, గడ్డి మోపు ఎత్తే ముందు కర్రతో కదపడం, చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకపోవడం వీటిని చాలావరకు తగ్గిస్తాయి.

కాటు పడితే చేయవలసినవి కొన్నే. కరిచిన సమయాన్ని గుర్తుంచుకోవాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసివేయాలి. కాలు విరిగినప్పుడు కట్టినట్లు బద్దలు వేసి కదలకుండా ఉంచాలి. నడిపించకుండా 108 వాహనంలో, అది ఆలస్యమైతే దొరికిన వాహనంలో తీసుకువెళ్ళాలి. గుజరాత్‌లోనూ, రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ సంఖ్య ఒక్కటే. ఇచ్ఛాపూర్ నుండి అయితే తాపీ దాటి సూరత్ నగరంలోని న్యూ సివిల్ ఆసుపత్రికి చేరవచ్చు. బిగుతుగా తాడు కట్టడం, గాయాన్ని కోయడం, నోటితో పీల్చడం చేయరాదు. తాడు కింద రక్తం ఆగి అవయవం కుళ్ళుతుంది; రక్తం గడ్డకట్టని మనిషికి కత్తి గాటు మరో ప్రమాదం. లక్షణాలు లేకపోయినా ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలోనే పరిశీలనలో ఉంచాలి.

ఆసుపత్రిలో చేరినప్పుడు చీటీ మీద పాము కాటు అని రాశారో లేదో చూసుకోవాలి. పాము కనబడకపోతే, పాము కాటు అనుమానం అని అయినా రాయించాలి. ఆ ఒక్క పదం రిజిస్టరుకు ఎక్కితేనే మరుసటి వానాకాలానికి ఆ ఆసుపత్రికి పంపవలసిన సీసాల లెక్క మారుతుంది.